ముక్కలు ఎక్కువైతే పై చార్టు ఏం దాస్తుంది?

పై చార్టులో ఒక వృత్తాన్ని 100 శాతంగా తీసుకుని, ఒక్కో భాగానికి దాని వాటాకు తగినంత ముక్క ఇస్తారు. వృత్తంలో 360 డిగ్రీలు ఉంటాయి కాబట్టి ఒక శాతానికి 3.6 డిగ్రీలు వస్తాయి. బడిలో వృత్తరేఖాచిత్రం పేరుతో నేర్పేది దీన్నే. రెండు మూడు భాగాలు ఉన్నప్పుడు ఈ బొమ్మ చూడగానే అర్థమవుతుంది. భాగాలు పది, పదిహేను అయ్యేసరికి అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా చూసేవారు తప్పు అంచనాకు వస్తారు. వేసినవారు ఎక్కడా అబద్ధం చెప్పరు. పొరపాటు జరిగేది బొమ్మకూ కంటికీ మధ్య.

మనకు తెలిసినంతలో మొదటి పై చార్టును 1801లో స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 'స్టాటిస్టికల్ బ్రీవియరీ' అనే పుస్తకంలో వేశాడు. టర్కీ సామ్రాజ్యపు భూభాగం ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లో ఎంతెంత ఉందో చూపడానికి ఒక వృత్తాన్ని మూడు ముక్కలు చేశాడు. మూడే ముక్కలు. అదే ప్లేఫెయిర్ అంతకు పదిహేనేళ్ల ముందు, 1786లో, స్కాట్లండ్ ఎగుమతి దిగుమతులను చూపాల్సి వచ్చినప్పుడు వృత్తం జోలికి పోలేదు. అక్కడ 17 దేశాలు, ప్రాంతాలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో అడ్డపట్టీ గీశాడు. అలా పుట్టిందే బార్ చార్టు. ఈ రెండు చార్టుల్లో ఏది ఎక్కడ నప్పుతుందో వాటిని మొదట వేసిన మనిషి పుస్తకాల్లోనే కనిపిస్తుంది.

భాగాలు ఎక్కువగా ఉన్న లెక్కకు మంచి ఉదాహరణ మన జనగణనలోని మాతృభాషల పట్టిక. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో హిందీ మాతృభాషగా ఉన్నవారు 43.63 శాతం. తర్వాత బెంగాలీ 8.03, మరాఠీ 6.86, తెలుగు 6.70, తమిళం 5.70, గుజరాతీ 4.58, ఉర్దూ 4.19, కన్నడ 3.61, ఒడియా 3.10, మలయాళం 2.88, పంజాబీ 2.74, అస్సామీ 1.26, మైథిలి 1.12 శాతం. ఈ 13 భాషలూ కలిస్తే 94.40 శాతం అవుతుంది. మిగిలిన 5.60 శాతంలో నూటికి పైగా భాషలున్నాయి. పై చార్టు వేసేవారు సాధారణంగా వాటన్నిటినీ 'ఇతరాలు' అనే పద్నాలుగో ముక్కలోకి నెడతారు.

ఈ పద్నాలుగు ముక్కల వృత్తంలో ఒక్క విషయం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: హిందీ ముక్క సగానికి కొంచెం తక్కువ. మిగతాదంతా విసనకర్ర మడతల్లా కనిపించే సన్నని ముక్కల వరస. అందులో తెలుగు పెద్దదా, మరాఠీ పెద్దదా అని అడిగితే కంటితో చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. మరాఠీ ముక్క కోణం 24.7 డిగ్రీలు, తెలుగుది 24.1. తేడా అర డిగ్రీకి కాస్త ఎక్కువ. పది సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వృత్తం అంచు మీద అది అర మిల్లీమీటరు. ముక్కల మధ్య గీసే తెల్లగీత మందం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. జనాభాలో ఆ తేడా విలువ దాదాపు 19 లక్షల మంది.

అర డిగ్రీ తేడాను ఏ చార్టయినా ఎలా చూపిస్తుందని అడగవచ్చు. సందేహం సమంజసమే. నిజానికి అసలు ఇబ్బంది తేడా చిన్నదవడం కాదు, ఆ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి కొలిచే వీలు వృత్తంలో లేకపోవడం. ఇద్దరు పిల్లల్లో ఎవరు పొడుగో తెలియాలంటే ఇద్దరినీ ఒకే నేల మీద నిలబెట్టి చూస్తాం. ఒకరిని మెట్టు మీద, మరొకరిని గట్టు మీద వాలుగా నిలబెట్టి పోల్చమంటే ఎవరూ పోల్చలేరు. పై చార్టులో ప్రతి ముక్కా ముందున్న ముక్క ఆగిన చోట మొదలై, తనదైన దిక్కుకు తిరిగి ఉంటుంది. ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకటి ఎడమకు చూస్తుంది. వాటిని పోల్చాలంటే ఒక ముక్కను మనసులోనే తిప్పి రెండోదాని మీద పరచాలి. పద్నాలుగు ముక్కలకు అంత శ్రమ ఎవరూ పడరు. చూపు హిందీ మీద ఆగి, మిగతావన్నీ 'కొన్ని చిన్నవి' అన్న అభిప్రాయంతో వెళ్లిపోతుంది.

అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో పనిచేసిన విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ఈ విషయాన్ని ప్రయోగం చేసి చూశారు. అవే ఐదు అంకెలను కొందరికి పై చార్టుగా, బార్ చార్టుగా చూపి, అన్నిటికన్నా పెద్దదానిలో మిగతావి ఎంత శాతం ఉంటాయో కంటితో అంచనా వేయమన్నారు. ఒకే గీత మీది నుంచి లేచిన పట్టీల కొసలను చూసి చెప్పిన అంచనాలు, ముక్కలను చూసి చెప్పినవాటి కంటే దాదాపు రెండు రెట్లు కచ్చితంగా వచ్చాయి. అక్కడున్నవి ఐదు ముక్కలేనన్నది గుర్తుంచుకోవాలి.

వారి వివరణ ప్రకారం కంటికి అన్నిటికన్నా తేలికైన పని ఒకే కొలగీత మీద రెండు బిందువుల స్థానాన్ని పోల్చడం. తర్వాత పొడవులు పోల్చడం. కోణాలు ఆ తర్వాత, వైశాల్యాలు ఇంకా కింద. పై చార్టును మనం నిజంగా కోణం చూసే చదువుతామా అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. రాబర్ట్ కొసారా, డ్రూ స్కౌ 2016లో వృత్తం మధ్యభాగం తీసేసిన డోనట్ చార్టులను కూడా కలిపి పరీక్షించారు. కోణం కనిపించని డోనట్‌ను కూడా జనం పై చార్టు అంత బాగానే చదివారు. కోణం ఒక్కటే చూపినప్పుడు తప్పులు పెరిగాయి. అంటే కోణం కన్నా అంచు పొడవు, ముక్క వైశాల్యం మీదే కన్ను ఎక్కువ ఆధారపడుతోందన్నమాట. దేనితో చదివినా ఒకే మొదలు గీత లేదన్న లోటు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పై చార్టు మధ్యలో రంధ్రం చేసి డోనట్‌గా మార్చడం వల్ల ముక్కలు ఎక్కువైన సమస్య తీరదు.

ముక్కలు పెరిగేకొద్దీ రెండో చిక్కు రంగులతో వస్తుంది. సన్నని ముక్కలో పేరు పట్టదు కాబట్టి పేర్లను పక్కన రంగుల సూచికలో పెడతారు. పద్నాలుగు భాషలకు పద్నాలుగు రంగులు కావాలి. ఆరేడు రంగులు దాటాక లేత నీలానికీ ఆకాశ నీలానికీ, నారింజకూ ఇటుక రంగుకూ తేడా చూసుకోవాల్సి వస్తుంది. చదివేవారు ముక్క చూసి, సూచికకు వెళ్లి, రంగు వెతికి, మళ్లీ వృత్తంలోకి రావాలి. ఈలోగా ఏ ముక్క కోసం వెళ్లారో మరిచిపోతారు. ఎరుపు ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేని వారికీ, నలుపు తెలుపులో ఫొటోకాపీ తీసుకున్నవారికీ సూచిక దాదాపు పనికిరాదు. ప్రతి ముక్కకూ బయట గీత లాగి పేరు, శాతం రాస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది కానీ, అప్పుడు చదివేవారు అంకెలనే చదువుతున్నట్టు. బొమ్మ అలంకారంగా మిగులుతుంది. అంకెలే చదవాల్సి వస్తే పేరు, శాతం రెండు నిలువు వరసల్లో ఉన్న మామూలు పట్టిక అంతకంటే మేలు.

'ఇతరాలు' ముక్క సంగతి వేరు. పైన చెప్పిన వృత్తంలో దాని వాటా 5.60 శాతం, గుజరాతీ ముక్క కన్నా పెద్దది, తమిళానికి కొంచెమే తక్కువ. సంతాలీ, కశ్మీరీ, నేపాలీ, సింధీ, డోగ్రీ, కొంకణి, మణిపురి, బోడో, ఇంకా ఎనిమిదో షెడ్యూలులో లేని భాషలన్నీ అందులో ఉన్నాయి. వీటిలోని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో పెద్దదైన సంతాలీ వాటా 0.61 శాతమే. కానీ వృత్తంలో 'ఇతరాలు' ఒకే రంగు, ఒకే ముక్క. కంటికి అది దేశంలో ఆరో పెద్ద భాషలా కనిపిస్తుంది. దాన్ని విడదీసి వేద్దామంటే కొంకణి ముక్కకు 0.7 డిగ్రీల కన్నా తక్కువే దక్కుతుంది. అది ముక్కలా కాదు, గీతలా కనిపిస్తుంది.

చార్టును మందమైన పళ్లెంలా వాల్చి వేసే త్రీడీ పై చార్టుతో తప్పు ఇంకా పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క వేసి చూడవచ్చు. వృత్తాన్ని వెనక్కి వాల్చి, దాని ఎత్తు వెడల్పులో సగం ఉండేలా అండాకారంగా చేశారనుకుందాం. 24 డిగ్రీల తెలుగు ముక్క సరిగ్గా ముందు వైపు మధ్యలో పడితే కాగితం మీద దాని కోణం సుమారు 46 డిగ్రీలవుతుంది. అదే ముక్క పక్కకు, మూడు గంటల చోటికి వెళితే 12 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. అంకె అదే, భాష అదే, చోటు మారినందుకే ఒకటి మరొకదానికి నాలుగు రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. పైగా ముందున్న ముక్కకు పళ్లెం మందపు అంచు కూడా తోడై ఇంకా పెద్దదిగా అనిపిస్తుంది. వెనకున్న ముక్కకు ఆ లాభం లేదు. తమ వాటాను పెద్దదిగా చూపదలచినవారు తమ ముక్కను ముందుకు తిప్పుకుంటే చాలు. ఇలాంటి చార్టు కనిపించినప్పుడు బొమ్మను వదిలేసి అంకెలు మాత్రమే చదవడం మంచిది.

ఇన్ని ముక్కలున్న లెక్కకు అన్నిటికన్నా భద్రమైనది అడ్డపట్టీల బార్ చార్టు. పట్టీలన్నీ ఎడమవైపు ఒకే నిలువు గీత నుంచి మొదలై కుడికి సాగుతాయి. భాష పేరు పట్టీకి ఎడమవైపు మామూలుగా చదివే తీరులోనే ఉంటుంది, రంగుల సూచిక అక్కర్లేదు. అన్ని పట్టీలకూ ఒకే రంగు వేసి, ప్రస్తావనలో ఉన్న భాషకు మాత్రం వేరే రంగు వేస్తే చూపు నేరుగా అక్కడికి వెళ్తుంది. పట్టీలను అక్షరక్రమంలో కాక పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చాలి. ఈ ఒక్క పనితో మరాఠీ తర్వాతే తెలుగు అన్న సంగతి కొలవకుండానే తెలిసిపోతుంది, ఎందుకంటే వరసే ఆ మాట చెబుతుంది. 'ఇతరాలు' పట్టీ ఎంత పొడవున్నా వరసలో కలపకుండా, అన్నిటి కిందా లేత బూడిద రంగులో విడిగా పెట్టాలి.

ఎక్సెల్‌లో ఇది వేసేటప్పుడు ఒక చిన్న తికమక వస్తుంది. పట్టికను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి `Clustered Bar` ఎంచుకుంటే బొమ్మలో వరస తలకిందులై, హిందీ అట్టడుగున పడుతుంది. నిలువు అక్షం మీద రెండుసార్లు నొక్కి, అక్కడ `Categories in reverse order` దగ్గర టిక్ పెడితే సరిపోతుంది. బార్ చార్టులో మరో నియమం తప్పనిసరి: కొలగీత సున్నా నుంచే మొదలవ్వాలి. పట్టీని మనం పొడవుతో చదువుతాం. కొలగీతను 6 శాతం దగ్గర మొదలుపెడితే మరాఠీ పట్టీ 0.86, తెలుగు పట్టీ 0.70 పొడవుంటాయి. దాదాపు సమానంగా ఉన్న రెండు భాషల మధ్య అయిదో వంతు తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. బార్ చార్టుతో మోసం చేయదలచినవారు ఎక్కువగా చేసేది ఇదే.

మాతృభాషల లెక్కలో బార్ చార్టుకు కూడా ఒక ఇబ్బంది ఉంది, అది హిందీ. కాగితం మీద 12 సెంటీమీటర్ల వెడల్పులో 45 శాతం దాకా కొలగీత వేస్తే ఒక శాతానికి 2.7 మిల్లీమీటర్లే దక్కుతాయి. మరాఠీకీ తెలుగుకూ తేడా అర మిల్లీమీటరు కూడా రాదు. చిన్న భాషల మధ్య పోలికే ముఖ్యమైతే హిందీ అంకెను చార్టు పైన వాక్యంలో చెప్పేసి, మిగతా 12 భాషలతో 10 శాతం దాకా కొలగీత వేయవచ్చు. అప్పుడు ఒక శాతానికి 12 మిల్లీమీటర్లు వస్తాయి, తెలుగు మరాఠీల తేడా దాదాపు రెండు మిల్లీమీటర్లు. కంటికి ఆనుతుంది. హిందీ పట్టీని మధ్యలో విరిచి, విరుపు గుర్తు పెట్టి ఇమిడ్చే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది కానీ, విరుపు గుర్తును పట్టించుకోని కంటికి ఆ పట్టీ పొడవు అబద్ధమే చెబుతుంది.

పట్టీలు మరీ ఎక్కువై పేజీ నల్లబడిపోతుందనుకుంటే వాటి బదులు కొసన ఉండాల్సిన చోట ఒక్క చుక్క పెట్టవచ్చు. దీన్ని డాట్ ప్లాట్ అంటారు. దీనికి ప్రచారం కల్పించినవారిలో పైన చెప్పిన క్లీవ్‌లాండ్ ముఖ్యుడు. చుక్కను పొడవుతో కాక స్థానంతో చదువుతాం కాబట్టి ఇక్కడ కొలగీత సున్నా నుంచే మొదలవ్వాలన్న కట్టుబాటు లేదు. తేడాలు చిన్నవైనప్పుడు ఈ వెసులుబాటు బాగా కలిసొస్తుంది. ఇబ్బందల్లా పాఠకులకు దీని పరిచయం తక్కువ. దినపత్రిక పాఠకుడికి బార్ చార్టే చదువుకోవడానికి తేలిక.

రెండు కాలాల పోలిక వచ్చినప్పుడు పై చార్టు బలహీనత పూర్తిగా బయటపడుతుంది. 2001 జనగణనలో తెలుగు వాటా 7.19 శాతం, మరాఠీది 6.99. అప్పుడు దేశంలో మూడో స్థానం తెలుగుది. 2011 నాటికి తెలుగు 6.70కి, మరాఠీ 6.86కి వచ్చి స్థానాలు తారుమారయ్యాయి. అదే పదేళ్లలో ఉర్దూ 5.01 నుంచి 4.19కి తగ్గితే గుజరాతీ 4.48 నుంచి 4.58కి పెరిగి దాన్ని దాటింది. 2001కి ఒక వృత్తం, 2011కి ఒక వృత్తం పక్కపక్కన వేస్తే ఈ రెండు మార్పుల్లో ఒక్కటీ కనిపించదు. హిందీ 41.03 నుంచి 43.63కి పెరగడంతో రెండో వృత్తంలో తర్వాతి ముక్కలన్నీ కొంత పక్కకు జరుగుతాయి. నిజంగా మారిన ముక్కా, ఊరికే జరిగిన ముక్కా ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ పనికొచ్చేది వాలుగీతల చార్టు. ఎడమవైపు 2001కి ఒక నిలువు గీత, కుడివైపు 2011కి ఒకటి. ఒక్కో భాషకు ఎడమ గీత మీద ఒక బిందువు, కుడి గీత మీద ఒక బిందువు పెట్టి రెంటినీ కలుపుతారు. వాటా పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి వాలుతుంది. తెలుగు, మరాఠీ గీతలు మధ్యలో ఒకదాన్నొకటి కోసుకుంటాయి, వాటి కింద ఉర్దూ, గుజరాతీ గీతలు కూడా. ఆ రెండు కూడళ్లే ఈ చార్టు చెప్పే వార్త. ఒడియా, మలయాళాలది మరో తీరు: 2001లో రెండూ 3.21 శాతంతో ఒకే బిందువు మీద మొదలై, 2011కి 3.10, 2.88గా విడిపోతాయి. ఆ రెండు పేర్లూ ఎడమవైపు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ఒకే వరసలో 'ఒడియా, మలయాళం' అని కలిపి రాయాలి. ఇలా అతుక్కునే పేర్లు నాలుగైదు జతలు ఉంటే ఈ చార్టు చిందరవందరగా తయారవుతుంది. అప్పుడు ముఖ్యమైన గీతలను ముదురు రంగులో, మిగతావి లేత బూడిదలో వేయడమే దారి.

ఈ చార్టు చూసి తెలుగు మాట్లాడేవారు తగ్గిపోయారనుకునే ప్రమాదం కూడా ఉంది. తెలుగు మాతృభాషగా ఉన్నవారు 2001లో 7.40 కోట్లు, 2011లో 8.11 కోట్లు. సంఖ్య పెరిగింది, దేశ జనాభా అంతకన్నా వేగంగా పెరగడంతో వాటా తగ్గింది. వాటా చూపే ఏ చార్టూ, అది వృత్తమైనా గీతలైనా, మొత్తం ఎంతన్నది చెప్పదు. కాబట్టి కోట్ల సంఖ్యను పక్కనే రాయడం అవసరం.

భాషలను కుటుంబాలుగా కూడా చూపదలచినప్పుడు ట్రీమ్యాప్ అనే పద్ధతి ఉంది. పెద్ద దీర్ఘచతురస్రాన్ని ముందు కుటుంబాలుగా, ప్రతి కుటుంబాన్నీ మళ్లీ భాషలుగా విభజిస్తారు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ కంప్యూటర్ డిస్కులో ఏ ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో చూడటానికి దీన్ని రూపొందించాడు. వందల భాగాలున్నా ఇందులో పడతాయి, ద్రావిడ భాషల గడిలో తెలుగు ఎంత మేర ఆక్రమించిందో తెలుస్తుంది. అయితే ఇది వైశాల్యంతో చదివే బొమ్మ కాబట్టి తెలుగు మరాఠీల లాంటి దగ్గరి పోలికలకు పై చార్టు కన్నా పెద్దగా మెరుగు కాదు.

ఇంత చెప్పినా పై చార్టును పూర్తిగా పక్కన పెట్టడం న్యాయం కాదు. సగం, పావు, ముప్పావు దగ్గర అది బార్ చార్టు కన్నా త్వరగా చదవబడుతుంది, ఎందుకంటే సరళరేఖనూ లంబకోణాన్నీ కన్ను వెంటనే గుర్తుపడుతుంది. పక్కపక్కనున్న రెండు ముక్కలు కలిసి సగం దాటాయా అన్న ప్రశ్నకు కూడా వృత్తమే సూటిగా జవాబిస్తుంది. హిందీ, బెంగాలీ కలిస్తే 51.66 శాతం. రెండు ముక్కలనూ పన్నెండు గంటల చోటు నుంచి వరసగా వేస్తే అవి ఆరు గంటల గీతను కొద్దిగా దాటినట్టు తెలుస్తుంది. బార్ చార్టులో ఈ సంగతి తెలియాలంటే రెండు పట్టీలను మనసులో కూడుకోవాలి.

మాతృభాషల లెక్కకే పై చార్టు చక్కగా సరిపోయే రూపం కూడా ఉంది. 2011లో భాషాకుటుంబాల వారీగా ఇండో ఆర్యన్ భాషలవారు 78.05 శాతం, ద్రావిడ భాషలవారు 19.64 శాతం, మిగతా అన్నీ కలిపి రెండున్నర శాతం లోపు. మొత్తం మూడు ముక్కలు. మొదటిది పన్నెండు గంటల దగ్గర మొదలై ముప్పావు గీతను కొంచెం దాటి ఆగుతుంది, రెండోది పావుకు తక్కువలో ముగుస్తుంది. పేర్లు ముక్కల లోపలే పడతాయి. సన్నని మూడో ముక్కకు మాత్రం పేరు బయట రాయాలి.